ఈ-పుస్తకం ఒక్క కిండిల్‌కే ఇవ్వాలా, అన్ని దుకాణాల్లోనూ పెట్టాలా?

ప్రశ్న: ఇంగ్లిషులో ఒక డిటెక్టివ్ నవల పూర్తి చేశాను, 82 వేల పదాలు. అదే డిటెక్టివ్‌తో రెండో నవల సగం అయింది. మా అమ్మమ్మ పెట్టే పచ్చళ్ల మీద ఫొటోలతో ఒక చిన్న ఇంగ్లిషు పుస్తకం కూడా సిద్ధంగా ఉంది. అమెజాన్ సొంత ప్రచురణ సేవ కేడీపీలో ఉన్న సెలెక్ట్ పథకంలో చేరితే భారత్‌లో 70 శాతం రాయల్టీ వస్తుందని, కానీ ఇంకెక్కడా అమ్మకూడదని అంటున్నారు. నవలలో మొదటి ఆరు అధ్యాయాలు ఇప్పటికే నా బ్లాగులో ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు:

నవలను మొదటి 90 రోజులు ఒక్క కిండిల్‌కే ఇవ్వండి. పచ్చళ్ల పుస్తకాన్ని మొదటి రోజు నుంచే అన్ని దుకాణాల్లోనూ పెట్టండి. సెలెక్ట్‌లో చేర్చేది పుస్తకాన్ని, రచయితను కాదు. అందుకే ఒకే రచయిత ఒక పుస్తకాన్ని లోపల, మరొకదాన్ని బయట ఉంచుకోవచ్చు. చాలామంది "నేను ఎక్స్‌క్లూజివ్", "నేను వైడ్" అని తమకు తామే ముద్ర వేసుకుని, అన్ని పుస్తకాలనూ ఒకే గాటన కట్టేస్తారు. నేనూ రెండేళ్లు అలాగే చేశాను. నాలుగు నవలలు, పిల్లలకు ఇంట్లో తెలుగు నేర్పడం గురించి ప్రవాస తల్లిదండ్రుల కోసం ఇంగ్లిషులో రాసిన ఒక పుస్తకం, అయిదింటినీ కలిపి సెలెక్ట్‌లోనే ఉంచాను. నవలలకు అది మేలు చేసింది, అయిదో పుస్తకానికి చాలా నష్టం చేసింది. ఎందుకో తెలిస్తే మీ నిర్ణయం మీరే తీసుకోగలరు.

ముందు మీరు ఒప్పుకునేది ఏమిటో చూద్దాం. సెలెక్ట్ గడువు 90 రోజులు. ఆ 90 రోజులూ ఆ పుస్తకం డిజిటల్ రూపం కిండిల్‌లో తప్ప మరెక్కడా అమ్మకూడదు, ఉచితంగా కూడా ఇవ్వకూడదు. అచ్చు పుస్తకానికి, ఆడియోకి ఈ షరతు వర్తించదు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాల్ పెట్టి అచ్చు ప్రతులు అమ్ముకోవచ్చు. గడువు ముగియగానే, మీరు వద్దని ముందే చెప్పకపోతే, మరో 90 రోజులు దానంతట అదే పెరుగుతుంది. మధ్యలో మనసు మారి పుస్తకాన్ని కిండిల్ నుంచి తీసేసినా ఆ గడువు పూర్తయ్యేదాకా షరతు అలాగే ఉంటుంది. ఇది తెలియక పుస్తకం తీసేసి, మర్నాడే మరో దుకాణంలో పెట్టి చిక్కుల్లో పడిన వాళ్లను చూశాను.

దీనికి బదులుగా మీకు దొరికేవాటిలో ముఖ్యమైనది కిండిల్ అన్‌లిమిటెడ్. చందా కట్టిన పాఠకుడు మీ పుస్తకాన్ని విడిగా కొనకుండా చదువుతాడు. అతను మొదటిసారి చదివిన ప్రతి పేజీకి మీకు కొంత వస్తుంది. 2015 జులై నుంచి లెక్క ఇలా పేజీల మీదే నడుస్తోంది. అంతకుముందు పాఠకుడు పుస్తకంలో పది శాతం దాటితే మొత్తం సొమ్ము వచ్చేది, అందుకే అప్పట్లో ముప్పై పేజీల పుస్తకాలు కుప్పలుగా పుట్టుకొచ్చాయి. ఇప్పుడు పేజీ అంటే మీ అచ్చు పుస్తకంలోని పేజీ కాదు. అక్షరం సైజు, ఖాళీలు ఎలా ఉన్నా అన్ని పుస్తకాలనూ ఒకే కొలతకు తెచ్చి అమెజాన్ లెక్కగట్టే పేజీ అది. మీ 82 వేల పదాలు సుమారు 400 పేజీలు అవుతాయి. అమెరికాలో పేజీకి దాదాపు 0.4 నుంచి 0.5 సెంటు మధ్య వస్తుంది. నెల నెలా మారుతుంది, ఎంతన్నది ఆ నెల గడిచాకే తెలుస్తుంది. ఏ దేశం రేటు ఆ దేశానిది. మన దేశంలో చందా ధర తక్కువ కాబట్టి పేజీ రేటూ తక్కువే.

ఇక మీ నవల లెక్క వేద్దాం. అమెరికాలో ధర 3.99 డాలర్లు పెట్టారనుకోండి. 70 శాతం రాయల్టీలో ముందుగా ఫైలు పంపినందుకు ఖర్చు తీసేస్తారు, అక్కడ మెగాబైటుకు 15 సెంట్లు. బొమ్మలు లేని నవల 0.6 మెగాబైట్లు ఉంటే 9 సెంట్లు పోతాయి. మిగిలినదానిలో 70 శాతం, అంటే 2.73 డాలర్లు మీ చేతికి వస్తాయి. అదే నవలను ఒక చందాదారు మొదటి నుంచి చివరి దాకా చదివితే, పేజీకి 0.43 సెంటు చొప్పున 400 పేజీలకు 1.72 డాలర్లు వస్తాయి. అమ్మకంతో పోలిస్తే మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. పేరు తెలియని రచయిత పుస్తకానికి నాలుగు డాలర్లు పెట్టడానికి వెనకాడే పాఠకుడు, చందాలో ఉంటే పట్టుకుని చూస్తాడు. డిటెక్టివ్ నవలలు చదివేవాళ్లు వారానికి రెండు మూడు లాగించేస్తారు, అలాంటి వాళ్లకే చందా గిట్టుబాటు. మీ పాఠకులు ఉన్నది అక్కడే.

ఇంకో సంగతి. పాఠకుడు చందాలో పుస్తకం తీసుకున్న క్షణంలోనే అది అమ్మకాల ర్యాంకులో లెక్కకు వస్తుంది. అతను చదవడం వచ్చే నెలలో మొదలుపెట్టినా సరే. కొత్త రచయిత పుస్తకం నలుగురి కంట పడటానికి ఈ ఊపు చాలా అవసరం.

ఇప్పుడు భారత్ లెక్క, మీరు అడిగిన 70 శాతం సంగతి. మీరు విన్నది నిజం. అమెరికాలో సెలెక్ట్‌లో లేకపోయినా, ధర 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ఉంటే 70 శాతం ఇస్తారు. భారత్, బ్రెజిల్, జపాన్, మెక్సికో దేశాల్లో మాత్రం సెలెక్ట్‌లో ఉంటేనే 70, లేకపోతే 35. ఇక్కడ ఫైలు ఖర్చు మెగాబైటుకు 7 రూపాయలు. పన్ను సంగతి పక్కన పెట్టి మీ నవలకు 149 రూపాయలు ధర పెడితే, సెలెక్ట్‌లో ప్రతికి 101 రూపాయలు, బయట 52 రూపాయలు వస్తాయి. దాదాపు సగానికి సగం తేడా. మన దేశంలో పాఠకులున్న రచయితకు ఇది చిన్న విషయం కాదు. అమెరికా రచయితలు రాసే సలహాల్లో ఈ ముక్క కనిపించదు, వాళ్ల పుస్తకాలు ఇక్కడ పెద్దగా అమ్ముడుపోవు కాబట్టి. ఆ సలహాలు చదివి బయటికి వెళ్లిన మన వాళ్లు మొదటి నెల నివేదిక చూసి కంగారు పడతారు.

ఒక త్రైమాసికం మొత్తం కలిపి చూద్దాం. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు, డాలరు 85 రూపాయలు అనుకుందాం. సెలెక్ట్‌లో ఉండగా అమెరికాలో 40 ప్రతులు అమ్ముడయ్యాయి, సుమారు 9,280 రూపాయలు. అక్కడి చందాదారులు 46 వేల పేజీలు చదివారు, సుమారు 16,800. భారత్‌లో 60 ప్రతులు, సుమారు 6,080. ఇక్కడి చందాదారులు 18 వేల పేజీలు చదివారు, పేజీకి పది పైసలు వేసుకుంటే 1,800. అన్నీ కలిపి దాదాపు 34 వేలు.

అదే పుస్తకం బయట ఉంటే? అమెరికాలో ఆ 40 అమ్మకాలూ ఉంటాయి. 46 వేల పేజీలను 400తో భాగిస్తే 115 మంది పూర్తిగా చదివినంత. చందాదారుల్లో చాలామంది చందాలో లేని పుస్తకాన్ని కొనరు, పక్క పుస్తకానికి వెళ్లిపోతారు. పది మందిలో ఒకరు కొంటారనుకుంటే 12 అమ్మకాలు, 2,785 రూపాయలు. భారత్‌లో 60 ప్రతులకు 35 శాతం చొప్పున 3,130. అన్నీ కలిపి 15,200 దగ్గర ఆగుతుంది. లోటు దాదాపు 18,800. దీన్ని మిగతా దుకాణాలు పూడ్చాలి. పుస్తకాన్ని మన తరఫున చాలా దుకాణాలకు పంపే పంపిణీ సంస్థ ద్వారా వెళితే 3.99 డాలర్ల పుస్తకానికి మీకు వచ్చేది ధరలో సుమారు 60 శాతం, అంటే 203 రూపాయలు. లోటు పూడాలంటే మూడు నెలల్లో 93 ప్రతులు, నెలకు ముప్పైకి పైగా, ఆపిల్, కోబో, గూగుల్ ప్లే లాంటి చోట్ల అమ్ముడుపోవాలి.

మీ నిర్ణయం మొత్తం ఆ ముప్పై ప్రతుల మీద ఆధారపడి ఉంది. ఒకే నవల చేతిలో ఉన్న కొత్త రచయిత ఆ దుకాణాల్లో నెలకు ముప్పై అమ్మడం చాలా కష్టం. నాకు మొదటి నవలతో నెలకు అయిదు దాటలేదు. నాలుగు నవలలున్న రచయితకు మాత్రం అది అసాధ్యమేమీ కాదు, మొదటిది నచ్చినవాడు మిగతా మూడూ కొంటాడు కాబట్టి. మొదటి నవలకు లోపలే ఉండమని అందుకే చెబుతున్నాను.

పచ్చళ్ల పుస్తకం సంగతి పూర్తిగా వేరు. నా తెలుగు బోధన పుస్తకం అనుభవంతోనే చెబుతున్నాను. దాని ధర 7.99 డాలర్లు, అక్షరాలు రాసే తీరు చూపించే బొమ్మల వల్ల ఫైలు 8 మెగాబైట్లు. అమెరికాలో ఒక ప్రతి అమ్ముడైతే 4.75 డాలర్లు వచ్చేవి. చందాలో లెక్కగట్టిన పేజీలు 140. అంటే ఒకరు చివరిదాకా చదివినా 60 సెంట్లే. పైగా ఇలాంటి పుస్తకాన్ని ఎవరూ మొదటి నుంచి చివరిదాకా చదవరు. గుణింతాల దగ్గర తెరుస్తారు, ఆరు పేజీలు పిల్లవాడికి చూపిస్తారు, మూసేస్తారు. మళ్లీ అవే పేజీలు తెరిస్తే రెండోసారికి నాకు ఏమీ రాదు. పుస్తకం వాళ్లకు ఎంతో ఉపయోగపడింది, నాకు వచ్చింది మూడు సెంట్లు. కొనగలిగిన తల్లిదండ్రులు కూడా చందాలో దొరుకుతుంది కదా అని కొనలేదు. వంటల పుస్తకమూ ఇంతే. ఆవకాయ కొలతలు చూసుకునేవాడు ఆవకాయ పేజీ తెరుస్తాడు, గోంగూర వైపు కన్నెత్తి చూడడు.

భారత్‌లో 70 శాతం ఆశ కూడా ఫొటోల పుస్తకానికి నిలవదు. 199 రూపాయల ధర, ఫొటోలతో 12 మెగాబైట్ల ఫైలు అనుకోండి. 70 శాతం ఎంచుకుంటే ముందు 84 రూపాయలు ఫైలు ఖర్చు పోతుంది, మిగిలిన 115లో 70 శాతం, అంటే 80 రూపాయల 50 పైసలు. 35 శాతంలో ఫైలు ఖర్చు ఉండదు, కాబట్టి నేరుగా 69 రూపాయల 65 పైసలు వస్తాయి. తేడా పదకొండు రూపాయలు. ఆ పదకొండు కోసం మిగతా దుకాణాలన్నీ వదులుకోవడం దండగ. మీ ఫైలు సైజు ఎంతో కేడీపీలో ధర నిర్ణయించే పేజీలోనే కనిపిస్తుంది. పుస్తకం ఎక్కించగానే ముందు అదే చూడండి. మీ కంప్యూటర్‌లోని ఫైలు సైజూ, అక్కడ మార్చాక వచ్చే సైజూ ఒకటి కావు.

పచ్చళ్ల పుస్తకం కొనేవాళ్లు ఎవరో కూడా ఆలోచించండి. డల్లాస్‌లో, టొరంటోలో, మెల్‌బోర్న్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, వాళ్ల పిల్లలు. వీళ్లలో చాలామంది ఫోనులోనే చదువుతారు. ఐఫోన్ ఉన్నవాళ్లకు ఆపిల్ బుక్స్, ఆండ్రాయిడ్ ఉన్నవాళ్లకు గూగుల్ ప్లే చేతికి అందేంత దూరంలో ఉంటాయి. కెనడాలో కోబోకు మంచి పట్టుంది, అది అక్కడ పుట్టిన సంస్థే. నా పుస్తకం బయటికి తెచ్చాక దాని అమ్మకాల్లో సగానికి పైగా అమెజాన్ కాని చోట్ల నుంచే వస్తున్నాయి.

బయట పెట్టడానికి పది దుకాణాల్లో పది ఖాతాలు తెరవక్కర్లేదు. గూగుల్ ప్లే, కోబో రెండింటిలో మీరే నేరుగా ఖాతా తెరవండి. మిగతావాటికి డ్రాఫ్ట్ టు డిజిటల్ లాంటి పంపిణీ సంస్థ చాలు. అది పుస్తకం ధరలో సుమారు పది శాతం తీసుకుని ఆపిల్‌తో సహా చాలా చోట్లకు పంపుతుంది. కోబోకు నేరుగా వెళ్లమనడానికి కారణం ఉంది. వాళ్ల ప్రచార పథకాలకు దరఖాస్తు చేసుకునే విభాగం నేరుగా ఖాతా ఉన్నవాళ్లకు, అదీ అడిగితేనే ఇస్తారు. ఖాతా తెరిచిన రోజే వాళ్లకు రాసి ఆ విభాగం తెరిపించుకోండి. కోబోకు చందా పథకం కూడా ఉంది, కోబో ప్లస్. అందులో చేరినా మిగతా దుకాణాల్లో అమ్ముకోవచ్చు. ధర మాత్రం అన్ని చోట్లా ఒకటే ఉంచండి. మరో దుకాణంలో తగ్గించి అమెజాన్‌లో ఎక్కువ ఉంచితే, అమెజాన్ కూడా ఆ తక్కువ ధరకే దిగవచ్చు.

ఇక మీ బ్లాగు. నాకు ఎక్కువ భయం కలిగించింది ఇదే. సెలెక్ట్‌లో ఉన్న పుస్తకంలో పది శాతం వరకు నమూనాగా బయట ఉంచవచ్చు. మీ నవలలో పది శాతం అంటే 8,200 పదాలు. ఆరు అధ్యాయాలు అంటే పదిహేను వేలకు తక్కువ ఉండవని నా అంచనా. అది షరతు తప్పినట్టే. మొదటి రెండు అధ్యాయాలు ఉంచి మిగతా నాలుగూ తీసేయండి. తీసేశాక కూడా సెర్చ్ ఇంజిన్లలో పాత పేజీ కొన్నాళ్లు కనిపిస్తూ ఉంటుంది, కాబట్టి పుస్తకం విడుదలకు నెల ముందే ఈ పని చేయండి. స్నేహితులకు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి ఉంటే, దాన్ని ఇంకెవరికీ పంపవద్దని, ఎక్కడా పెట్టవద్దని చెప్పండి. దిద్దుబాటుకు, సమీక్షకు ఎవరికైనా ప్రతి పంపాల్సి ఉంటే ఆ పని సెలెక్ట్‌లో చేర్చక ముందే పూర్తి చేసుకోండి.

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. మూడో నవలను మొదట అన్ని చోట్లా పెట్టి, తరువాత లోపలికి తేవాలనుకున్నాను. పంపిణీ సంస్థ వెబ్‌సైటులో తొలగించమని నొక్కాను. రెండు రోజుల్లో పెద్ద దుకాణాలన్నిటి నుంచీ పోయింది. పని అయిపోయిందనుకుని ఆ సాయంత్రమే సెలెక్ట్‌లో చేర్చాను. పదకొండో రోజు ఉదయం మెయిల్ వచ్చింది: మీ పుస్తకం మరో చోట దొరుకుతోంది, ఇచ్చిన గడువులోగా సరిచేయండి, లేకపోతే సెలెక్ట్ నుంచి తొలగిస్తాం. వెతికితే, నేను పేరు కూడా వినని ఒక చిన్న యూరప్ దుకాణంలో ఉంది. పంపిణీ సంస్థ నుంచి తీసుకున్న ఆ దుకాణం తన జాబితాను వారానికోసారి కూడా సరిచేసుకోదట. ఆ వారం రోజులు రోజుకు రెండు మెయిళ్లు రాస్తూ కూర్చున్నాను. గడువుకు ఒక రోజు ముందు పుస్తకం అక్కడి నుంచి పోయింది. ఇలాంటివి పదే పదే జరిగితే పోయేది ఆ ఒక్క పుస్తకం కాదు, ఖాతాకే ముప్పు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. తొలగించమని నొక్కాక కనీసం మూడు వారాలు ఆగుతాను. పుస్తకం పేరును, నా పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, బ్రౌజర్‌లో ప్రైవేటు కిటికీ తెరిచి వెతుకుతాను. ఐఎస్‌బీఎన్ ఉంటే దానితో మళ్లీ వెతుకుతాను, చిన్న దుకాణాలు దానితోనే బయటపడతాయి. ప్రతి దుకాణం పేజీ ఖాళీగా ఉన్నట్టు తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటాను. ఆ తరువాతే చేరుస్తాను. మీ నవల ఇంతవరకు ఎక్కడా అమ్మకానికి పెట్టలేదు కాబట్టి మీకు బ్లాగు ఒక్కటే చూసుకోవాల్సినది. ముందు లోపల, తరువాత బయట అన్న వరస నాకు నచ్చడానికి ఇదీ ఒక కారణం. లోపలి నుంచి బయటికి వెళ్లడం గడువు ముగిసిన మర్నాడే చేయవచ్చు. బయటి నుంచి లోపలికి రావడమే వారాల పని. పైగా బయటి దుకాణాల్లో సంపాదించుకున్న ర్యాంకు, అక్కడి పాఠకుల అలవాటు పోతాయి, తిరిగి వెళ్లినప్పుడు మళ్లీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. 90 రోజులు అటు, 90 రోజులు ఇటు తిరిగే పుస్తకం రెండు చోట్లా నిలదొక్కుకోదు.

సెలెక్ట్‌లో అయిదు రోజులు పుస్తకాన్ని ఉచితంగా ఇచ్చే వీలుంటుంది. ఒకే నవల ఉన్నప్పుడు దాన్ని వాడకండి. ఉచితంగా తీసుకుని నచ్చినవాడికి తరువాత కొనడానికి మీ దగ్గర ఏమీ లేదు. రెండోది వచ్చిన వారంలో మొదటిదాన్ని మూడు రోజులు ఉచితంగా ఇవ్వండి. ధరను మెట్టుమెట్టుగా పెంచుతూ వెళ్లే తగ్గింపు పథకం కూడా ఉంది కానీ అది అమెరికా, బ్రిటన్ దుకాణాలకే, మన దేశంలో నడవదు.

ఎప్పుడు బయటికి రావాలంటే, నాకు కళ్లు తెరిపించింది నాలుగు నవలల సంపుటి. నాలుగూ కలిపి 14.99 డాలర్లకు పెట్టాలనుకున్నాను. కిండిల్‌లో 9.99 దాటితే రాయల్టీ 35 శాతానికి పడిపోతుంది, ప్రతికి 5.25 డాలర్లు. కోబోలో, ఆపిల్‌లో ఆ పై పరిమితి లేదు, 70 శాతమే, 10.49 డాలర్లు. సరిగ్గా రెట్టింపు. పైగా ఆ దుకాణాల పాఠకులు సంపుటాలను ఇష్టంగా కొంటారు. నేను అన్నీ ఒకేసారి బయటికి తెచ్చాను. మొదటి మూడు నెలలు ఆదాయం సగానికి పైగా పడిపోయింది. పాత స్థాయికి చేరడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలల్లో రెండుసార్లు వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను. ఉద్యోగం జీతం ఉండబట్టి ఆగగలిగాను. ఇప్పుడు నెలనెలా వచ్చేది నాలుగు చోట్ల నుంచి వస్తోంది, పేజీ రేటు ఒక నెల తగ్గినా నా ఇంటి లెక్క తలకిందులు కాదు. ఆ రేటు నిర్ణయించేది అమెజాన్ ఒక్కటే, దాని మీద మనకు ఏ మాటా చెల్లదు. మీరు మూడు నాలుగు నవలల దాకా వెళ్లే ఉద్దేశంతో ఉంటే, పూర్తి సిరీస్ చేతికి వచ్చిన రోజున ఈ లెక్క మళ్లీ వేసుకోండి.

తెలుగులో రాసేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. హిందీ, తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీ భాషల పుస్తకాలను కేడీపీ తీసుకుంటుంది. తెలుగు ఆ జాబితాలో లేదు. ఇన్ని కోట్ల మంది చదివే భాషకు అక్కడ చోటు లేకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. కాబట్టి తెలుగు పుస్తకానికి మీ ప్రశ్నే రాదు. గూగుల్ ప్లే, కినిగె లాంటి చోట్ల పెట్టుకోవడమే.

రాయల్టీ మీద అమెరికా కోసే పన్ను మీ నిర్ణయాన్ని మార్చదు, లోపలున్నా బయటున్నా ఉంటుంది. ఖాతా తెరిచేటప్పుడు అడిగే పన్ను వివరాల్లో పాన్ నంబరు ఇచ్చి భారత్‌తో ఒప్పందాన్ని ఎంచుకుంటే 30 శాతానికి బదులు 15 శాతమే కోస్తారు. అది మరిచిపోకండి.

ఇక మీ వరస. ఈ వారం బ్లాగులో నాలుగు అధ్యాయాలు తీసేయండి. పచ్చళ్ల పుస్తకాన్ని సెలెక్ట్ పెట్టె టిక్ చేయకుండా కేడీపీలో, అదే రోజు గూగుల్ ప్లేలో, కోబోలో, పంపిణీ సంస్థలో పెట్టండి. నవలను ఇప్పుడే విడుదల చేయకండి. రెండో నవల పూర్తి కావడానికి ఇంకా ఎనిమిది వారాలుందనుకునే సమయానికి మొదటిదాన్ని సెలెక్ట్‌లో చేర్చండి, అప్పుడు రెండోది అదే 90 రోజుల గడువులో వస్తుంది. చేర్చిన రోజే దానంతట అదే పొడిగించే గుర్తు తీసేయండి. తీసేసినా ఆ గడువులో మీకు రావాల్సినవేవీ తగ్గవు, కావాలంటే తరువాత మళ్లీ చేర్చుకోవచ్చు. నేను ఒకసారి గుర్తు తీయడం రెండు రోజులు ఆలస్యం చేసి, మూడు నెలలు ఊరికే ఆగాల్సి వచ్చింది.

డెబ్బై అయిదో రోజున నివేదిక తెరిచి రెండు అంకెలు చూడండి. మొదటి నవల పేజీలను 400తో భాగిస్తే ఎంతమంది పూర్తిగా చదివినంతో తెలుస్తుంది. రెండో నవలకూ అలాగే చేయండి. మొదటిదానికి వందమంది, రెండోదానికి యాభై మంది వస్తే సిరీస్ నిలబడింది, చందాలోనే ఉంచి మూడోది రాయండి. రెండోది విడుదలై నెల గడిచాక కూడా పది పదిహేను మందే అయితే, దుకాణం మార్చినా ఫలితం ఉండదు, మొదటి నవల చివరి అధ్యాయాలను మళ్లీ చదువుకోవాలి. మొదటిదానికే పేజీలు రాకుండా అమ్మకాలు మాత్రం ఉంటే, మీ పాఠకులు చందాదారులు కారు. అప్పుడు ఒక్కో నవలనూ దాని గడువు తీరిన మర్నాడే పచ్చళ్ల పుస్తకం ఉన్న దుకాణాలకు పంపండి, ఖాతాలు అప్పటికే తెరిచి ఉంటాయి.